రుద్రమ కూతురా, భార్యా? రాజవంశాల్లో అసలు తల్లిదండ్రుల్ని తేల్చేదెలా

ప్రశ్న: "ఒక పుస్తకంలో రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు అని ఉంది, ఇంకో దాంట్లో భార్య అని ఉంది. ప్రతాపరుద్రుడు ఒకచోట ఆమె కొడుకు, ఇంకోచోట మనవడు. వంశావళుల్లో తల్లిదండ్రులు, భార్యలు, వారసులు అని రాసిన పేర్లను ఎంతవరకు నమ్మొచ్చు? ఒక రాజు అసలు తల్లిదండ్రులు ఎవరో ఎలా తేల్చుకోవాలి?"

రుద్రమదేవి గణపతిదేవుడి కూతురే. ప్రతాపరుద్రుడు ఆమెకు కూతురి కొడుకు. ఆయన తల్లి ముమ్మడమ్మ, తండ్రి మహాదేవుడు. రుద్రమ అతన్ని దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. ఈ రెండు విషయాల్లో ఇప్పుడు సందేహం పెట్టుకోనక్కర్లేదు.

ఇక రెండో భాగానికి నా సమాధానం ఇది. ఎవరి తర్వాత ఎవరు గద్దె ఎక్కారన్నది ఒక సంగతి, ఎవరికి ఎవరు పుట్టారన్నది వేరే సంగతి. వంశావళుల్లో కనిపించే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెంటినీ ఒకే గీతతో కలిపేయడం వల్ల వచ్చినవే. రాజు తల్లిదండ్రులు కావాలంటే రాజుల జాబితా చూడకూడదు. ఆ మనిషి బతికున్న కాలంలో, ఆ ఇంటితో సంబంధం ఉన్నవాళ్లు వేయించిన శాసనంలో బంధుత్వం మాట స్పష్టంగా ఉందా అని చూడాలి. ఉంటే రాసుకోవాలి. లేకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి.

మీరు అడిగింది కాకతీయుల గురించే కాబట్టి ఆ వంశం మీదే పద్ధతి చూపిస్తాను. ఇంతకంటే మంచి ఉదాహరణ వెతికినా దొరకదు. కూతురు, దత్తత, అన్నదమ్ములు, ఒకే పేరున్న తాతా మనవళ్లు, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ముందు "భార్య" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1290ల మొదట్లో తిరుగు ప్రయాణంలో ఉన్న మార్కో పోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ, ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందనీ, రాజు పోయి నలభై ఏళ్లయిందనీ, ఆమె ఆయన భార్య అనీ చెప్పాడు. రాణి పాలన గురించి అతను చాలా గౌరవంగా రాశాడు. తొలితరం చరిత్రకారుల్లో కొందరు దీన్నే పట్టుకుని రుద్రమను గణపతిదేవుడి భార్యగా రాశారు. పాత పుస్తకాల్లో మీకు కనిపించింది దాని ఛాయే.

ఈ సాక్ష్యాన్ని తూచి చూడండి. చెప్పినవాడు పరాయి దేశం వాడు, ఓడరేవులో వర్తకుల నోట విన్నాడు. రాజు తర్వాత ఒక స్త్రీ గద్దె మీద ఉందంటే ఎవరికైనా ముందు తట్టేది వితంతువైన రాణి అనే. కూతురు పట్టం కట్టుకోవడం అప్పటికి అరుదు కాబట్టి ఆ ఊహ ఎవరికీ రాదు. పైగా లెక్క కూడా కుదరదు. రుద్రమ పాలన 1262 నుంచి 1289 వరకు, అంటే దాదాపు ఇరవై ఏడేళ్లు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను దానం ఇచ్చాడనీ అందులో ఉంది. అంటే మార్కో పోలో ఈ తీరానికి వచ్చేసరికి ఆమె బతికి లేదు. అతను విన్నది పాత కబురు. రాణి ఏలిందన్నది నిజమే గానీ ఆమెకు, ముందటి రాజుకు బంధుత్వం ఏమిటన్న దగ్గర అతని మాట పనికిరాదు.

దీనికి ఎదురుగా మల్కాపురం శాసనాన్ని పెట్టండి. గుంటూరు ప్రాంతంలో మందడం దగ్గరిది, శక సంవత్సరం 1183, అంటే 1261. వేయించినవాడు విశ్వేశ్వర శివాచార్యుడు, గోళకీ అనే శైవ మఠం ఆచార్యుడు, స్వయంగా గణపతిదేవుడికి దీక్షాగురువు. గణపతిదేవుడు మందడం ఇస్తానని మాట ఇచ్చాడు, ఆయన కూతురు రుద్రమదేవి దానితో పాటు వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. అందులో రుద్రమను కూతురు అనే అన్నారు.

ఈ శాసనానికి అంత బరువు ఎందుకిస్తానో చెబుతాను. ఒకటి, రుద్రమ బతికుండగా రాసింది. రెండు, రాయించినవాడు ఆ ఇంటి గురువు. శిష్యుడి భార్య ఎవరో, కూతురు ఎవరో ఆయనకు తెలియకపోవడం జరగదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇది ఒక ఆస్తి పత్రం. దానం ఇచ్చేవాళ్లకు ఆ హక్కు ఎలా వచ్చిందో చెప్పకపోతే రేపు ఎవరైనా తగాదా పెట్టొచ్చు. తండ్రి మాట ఇచ్చాడు, కూతురు చెల్లించింది అంటే హక్కు ఏ దారిన వచ్చిందో అందులోనే తెలిసిపోతుంది. ఇలాంటి చోట బంధుత్వం తప్పు రాస్తే నష్టపోయేది రాయించినవాడే. బంధుత్వం తప్పయితే ఎవరికి నష్టం? శాసనం చదివేటప్పుడు నేను ముందు వేసుకునే ప్రశ్న ఇది. రాజును పొగడటానికి రాసిన పద్యాల్లో ఎవరికీ నష్టం లేదు. భూదానంలో ఉంది.

అదే ఇంట్లో ఇంకో ఆడపిల్ల సాక్ష్యం కూడా చూడండి. గణపతిదేవుడి మరో కూతురు గణపాంబను ధరణికోట ఏలిన కోట వంశపు బేతరాజుకు ఇచ్చారు. ఆమె 1250 ప్రాంతంలో యనమదలలో వేయించిన శాసనంలో పుట్టింటి వంశం, మెట్టినింటి వంశం రెండూ చెప్పుకుంది. రాజకుమార్తెలు అత్తవారి ఊళ్లో వేయించిన శాసనాలను చాలామంది పట్టించుకోరు, ఎందుకంటే అవి ఆ రాజవంశం శాసనాల కింద లెక్కకు రావు, వేరే సామంత వంశం కింద ఉంటాయి. నా అనుభవంలో మాత్రం తండ్రి ఎవరు, తాత ఎవరు అన్న విషయంలో ఇవి రాజు సొంత శాసనాల కంటే నికరంగా ఉంటాయి. రాజు తన వారసత్వ హక్కు కోసం వంశాన్ని కాస్త అటూ ఇటూ సర్దుకోవచ్చు. పెళ్లయి వెళ్లిన కూతురికి గద్దె తగాదా లేదు. పుట్టింటి గౌరవం చెప్పుకోవాలన్న ముచ్చట ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు పేర్ల చిక్కు. శాసనాల్లో రుద్రమను చాలాచోట్ల "రుద్రదేవ మహారాజు" అని మగ పేరుతోనే అన్నారు. కొడుకులు లేని తండ్రి కూతురినే కొడుకు స్థానంలో నిలబెట్టుకోవడం ధర్మశాస్త్రాల్లో ఉన్న పద్ధతి. అలాంటి కూతురిని "పుత్రిక" అంటారు. మగ పేరుతో పట్టం కట్టడం వెనక ఉన్నది అదే ఆలోచన. దీనివల్ల వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఈ వంశంలో రుద్రదేవులు ముగ్గురయ్యారు. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు (1158 నుంచి 1195), రుద్రమ, ఆమె తర్వాత ప్రతాపరుద్రుడు. రాతి మీద ఊరికే "కాకతి రుద్రదేవ మహారాజు" అని ఉంటే అది ముగ్గురిలో ఎవరైనా కావచ్చు.

తేదీ ఉంటే పని సులువు. శక సంవత్సరానికి డెబ్బై ఎనిమిది కలపండి, సంవత్సరం చివరి నెలలైతే డెబ్బై తొమ్మిది. తేదీ అరిగిపోతే సామంతుల పేర్లు, మంత్రుల పేర్లు చూడాలి. మంత్రి గంగాధరుడు కనిపిస్తే మొదటి రుద్రదేవుడి కాలం. సామంతుడిగా కాయస్థ జన్నిగదేవుడో త్రిపురారిదేవుడో ఉంటే ఆ రుద్రదేవ మహారాజు రుద్రమే. రాజు పేరు కంటే కింద ఉన్న చిన్న పేర్లే ఇక్కడ దారి చూపిస్తాయి. అందుకే శాసనం సారాంశం మాత్రమే చదివి వదిలేయకూడదు. సారాంశాల్లో దాదాపు ఎప్పుడూ రాజు పేరు, దానం పేరు తప్ప మిగతావి పోతాయి.

ప్రతాపరుద్రుణ్ణి "కొడుకు" అని రాయడం కూడా ఇలాగే వచ్చింది. రుద్రమ పాలన చివరి కాలంలో అతన్ని "కుమార రుద్రదేవ మహారాజు" అన్నారు. "కుమార" అంటే ఇక్కడ పట్టానికి ఎంచిన వారసుడు, యువరాజు అని అర్థం తీసుకోవాలి. అది హోదా. చదివినవాళ్లు దాన్ని బంధుత్వంగా తీసుకుని రుద్రమ కొడుకు అని రాసేశారు. దత్తత ప్రకారం చూస్తే కొడుకు అనడం తప్పు కూడా కాదు, పుట్టుక ప్రకారం మాత్రం తప్పు. అతని ఆస్థానంలోనే ఉన్న విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో తల్లి ముమ్మడాంబ అనీ, తండ్రి మహాదేవుడనీ చెప్పాడు. అది అలంకారశాస్త్ర గ్రంథం, రాజును పొగడటానికే రాసింది. పొగడ్తల్ని నమ్మొద్దని పైన నేనే అన్నాను కదా అని మీరు అడగొచ్చు. ఇక్కడ తేడా ఉంది. పొగిడేవాడు రాజును నేరుగా గొప్ప చక్రవర్తి కొడుకు అని చెప్పగలిగి కూడా, గద్దె ఎక్కని మహాదేవుణ్ణి తండ్రిగా చెబుతున్నాడు. గొప్పకు పనికిరాని వివరం పొగడ్తలో కనిపిస్తే అది సాధారణంగా నిజం.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. మహాదేవులు కూడా ఇద్దరు. గణపతిదేవుడి తండ్రి పేరు మహాదేవుడు, కాకతీయ రాజు, 1199లో పోయాడు. ప్రతాపరుద్రుడి తండ్రి పేరూ మహాదేవుడే, ఈయన రాజు కాదు. ఒక విద్యార్థి దిద్దించుకోవడానికి తెచ్చిన వంశవృక్షంలో ఈ ఇద్దరూ ఒకరైపోయి, ప్రతాపరుద్రుడు గణపతిదేవుడికి తమ్ముడైపోయాడు. పేర్లన్నీ సరైనవే, ఆధారాలూ సరైనవే, కానీ చెట్టు తప్పు. ఇలాంటివి పట్టుకోవడానికి కూడికలు, తీసివేతలు చాలు. 1199లో పోయినవాడి కొడుకు 1323లో ఓరుగల్లు కోటలో యుద్ధం చేయలేడు. వంశవృక్షం గీశాక ప్రతి తండ్రీ బిడ్డల జంట పక్కన ఇద్దరి కాలాలూ రాసి చూడండి. తరానికి తరానికి మధ్య ఇరవై నుంచి ముప్పై అయిదేళ్లు ఉంటే మామూలు. పదిహేను కంటే తక్కువైనా, అరవై దాటినా అక్కడ ఆగి మళ్లీ చదవాలి. అరవై దాటితే ఒక తరం జారిపోయి ఉండొచ్చు, లేదా ఒకే పేరున్న ఇద్దరు కలిసిపోయి ఉండొచ్చు. పదిహేను లోపు వస్తే వాళ్లు ఎక్కువసార్లు అన్నదమ్ములవుతారు.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఈ కలగలుపు మనకు మరీ ఎక్కువ. కాకతీయుల్లోనే బేతరాజు కొడుకు ప్రోలరాజు, అతని కొడుకు మళ్లీ బేతరాజు, ఆ బేతరాజు కొడుకు మళ్లీ ప్రోలరాజు. మధ్యలో రెండు తరాలు ఎగిరిపోయినా "బేతరాజు కొడుకు ప్రోలరాజు" అన్న వాక్యం నిజంగానే కనిపిస్తుంది. చదివేవాడికి అనుమానం రాదు.

అన్నదమ్ముల దగ్గర జరిగే పొరపాటు వేరు. రెండో ప్రోలరాజు తర్వాత రుద్రదేవుడు, ఆయన తర్వాత మహాదేవుడు, ఆ తర్వాత గణపతిదేవుడు. రుద్రదేవుడు, మహాదేవుడు అన్నదమ్ములు. గణపతిదేవుడు మహాదేవుడి కొడుకు, మహాదేవుడి భార్య బయ్యమాంబకు పుట్టినవాడు, రుద్రదేవుడికి తమ్ముడి కొడుకు. పేర్లు మాత్రమే వరుసగా రాసుకున్నవాడికి ఇది నాలుగు తరాల తండ్రీ కొడుకుల వరుసలా కనిపిస్తుంది. నిజానికి మూడు తరాలే. సంస్కృత శాసనాల్లో "తదనుజః" అంటే ఆయన తమ్ముడు, "తత్సుతః" అంటే ఆయన కొడుకు. ఇవి ఉన్నచోట ఇబ్బంది లేదు. "తతః" ఉన్నచోట జాగ్రత్త పడాలి. ఆయనకు పుట్టినవాడు అనీ చదవొచ్చు, ఆయన తర్వాతివాడు అనీ చదవొచ్చు. అలాంటి మాట దొరికితే దాని మీద తండ్రీ కొడుకుల గీత గీయకండి. వేరే శాసనం దొరికేదాకా చుక్కల గీతతో ఉంచండి.

తల్లుల సంగతి ఇంకా సున్నితం. వంశావళుల్లో తండ్రి పేరు పదిసార్లు వస్తే తల్లి పేరు ఒకసారి వస్తుంది, వచ్చినా పద్యంలో ఇరికించి ఉంటుంది. దీనికి కాకతీయుల్ని కాసేపు పక్కనపెట్టి తుళువ వంశం చూపిస్తాను. శ్రీకృష్ణదేవరాయల శాసనాల్లో ఈ పాదం కనిపిస్తుంది:

తిప్పాజీ నాగలాదేవ్యోః కౌసల్యా శ్రీసుమిత్రయోః

దశరథుడికి కౌసల్య, సుమిత్రల వల్ల రామలక్ష్మణులు పుట్టినట్టు, నరస నాయకుడికి తిప్పాజీ, నాగలాదేవి వల్ల వీరనరసింహుడు, కృష్ణరాయలు పుట్టారని ఆ శ్లోకాల సారం. దీన్ని తొందరగా చదివితే ఇద్దరు భార్యలు, ఇద్దరు కొడుకులు అని తెలుస్తుంది కానీ ఎవరు ఎవరి కొడుకో తెలియదు. నిదానంగా చదివితే తెలుస్తుంది. నాలుగు జంటలూ ఒకే వరుసలో ఉన్నాయి. మొదటి తల్లి తిప్పాజీ, ఆమెకు పోలిక కౌసల్య, కౌసల్య కొడుకు రాముడు, రాముడికి సరితూగేది మొదటి కొడుకు వీరనరసింహుడు. రెండో తల్లి నాగలాదేవి, పోలిక సుమిత్ర, ఆమె కొడుకు లక్ష్మణుడు, ఆ స్థానంలో కృష్ణరాయలు. కాబట్టి కృష్ణరాయల తల్లి నాగలాదేవి. తిప్పాజీని కృష్ణరాయల తల్లిగా రాసినవాళ్లు ఈ వరుసను చూడలేదు.

ఈ శ్లోకం ఏమి చెప్పదో కూడా గమనించాలి. నాగలాదేవి హోదా ఏమిటి, పట్టపురాణా కాదా అన్నది ఇందులో లేదు. ఆమె గురించి ప్రచారంలో ఉన్న కథల్ని ఈ పాదంతో నిజమనీ చెప్పలేం, అబద్ధమనీ చెప్పలేం. సుమిత్రతో పోల్చారు కాబట్టి రెండో రాణి అని కొందరు లాగుతారు. పోలికకు అంత బరువు మోయించకూడదు. రామలక్ష్మణుల పోలిక కావాలంటే కవికి ఆ ఇద్దరు తల్లులు తప్ప వేరే దారి లేదు.

అదే నరస నాయకుడికి ఓబాంబ వల్ల పుట్టినవాళ్లు రంగరాయలు, అచ్యుతరాయలు. కాబట్టి 1505 నుంచి 1542 వరకు వరుసగా ఏలిన వీరనరసింహుడు, కృష్ణరాయలు, అచ్యుతరాయలు ముగ్గురూ ఒకే తరం. తండ్రి ఒక్కడే, తల్లులు ముగ్గురు. అచ్యుతరాయల కొడుకు వెంకటపతి గద్దె ఎక్కిన కొద్ది నెలలకే పోయాడు. తర్వాత వచ్చిన సదాశివరాయలు అచ్యుతుడి కొడుకు కాడు, ఎప్పుడూ గద్దె ఎక్కని రంగరాయల కొడుకు. రాజుల జాబితాలో రంగరాయల పేరే ఉండదు. జాబితాలో లేని తండ్రులు ఉంటారని గుర్తుంచుకోకపోతే సదాశివుడికి అచ్యుతుణ్ణో కృష్ణరాయల్నో తండ్రిగా తగిలించేస్తాం. ప్రతాపరుద్రుడి తండ్రి మహాదేవుడి విషయంలోనూ జరిగేది ఇదే.

భార్యల పేర్లు ఎక్కడ వెతకాలో చాలామందికి తెలియదు. రాజు ప్రశస్తిలో కాదు, భార్య పుట్టింటివాళ్ల శాసనాల్లో వెతకండి. ఆడపిల్లను రాజుకిచ్చిన ఇల్లు ఆ మాట చెప్పుకోకుండా ఉండదు. గణపతిదేవుడు దివిసీమకు చెందిన అయ్య వంశపు నారమాంబ, పేరమాంబలను పెళ్లాడాడని మనకు తెలిసింది వాళ్ల సోదరుడు జాయప సేనాని చేబ్రోలు శాసనం వల్ల. ఇంకో చోటు గుళ్లు. రాణులు తమ పేరు మీద ఇచ్చిన దానాలు, చేయించిన విగ్రహాలు. తిరుమల గుడిలో కృష్ణరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహవిగ్రహాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి ఆ ఇద్దరు దేవేరుల గురించి వాదన లేదు.

భార్యల జాబితా దొరికితే పిల్లలకు తల్లులు దొరికేసినట్టు అనుకోవద్దు. చేబ్రోలు శాసనం పెళ్లి సంగతి చెబుతుంది. ఏ బిడ్డ ఎవరి కడుపున పుట్టిందో చెప్పడం దాని పని కాదు. నారమాంబ పేరు తీసుకుని రుద్రమ తల్లి గడిలో పెట్టడం చాలామంది చేసే పని. దానికి శాసనం పేరు కూడా పక్కన రాస్తారు, అందువల్ల చూసేవాళ్లకు నిజమే అనిపిస్తుంది. ఆ శాసనం తెరిచి చూస్తే అందులో రుద్రమ ఊసే ఉండదు.

ఇక "అసలు" తల్లిదండ్రులు అన్న మీ మాట గురించి. శాసనాలు తేల్చేది ఆ కాలం వాళ్లు ఎవరిని తల్లిదండ్రులుగా ఒప్పుకున్నారన్నది. రక్తసంబంధం నిజంగా అదేనా అన్నది శాసనాల పరిధి కాదు. అస్థికలు దొరికిన చోట డీఎన్ఏతో కొంత చెప్పొచ్చు. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థికలు 2012లో లెస్టర్‌లో బయటపడ్డాయి. తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ ఈనాటి బంధువులతో సరిపోయింది. తండ్రి వైపు వై క్రోమోజోమ్ మాత్రం, కాగితాల మీద ఆ మగ వరుసకు చెందినవాళ్లుగా ఉన్న ఈనాటి మనుషులతో సరిపోలేదు. అంటే మధ్యలో ఎక్కడో ఒక తరంలో కాగితం మీద తండ్రి వేరు, కన్న తండ్రి వేరు. అంత జాగ్రత్తగా రాసుకున్న వంశాల్లోనే అలా ఉంది. కాబట్టి మన పనిలో "కన్న తండ్రి ఫలానా" అన్నప్పుడు దాని అర్థం "ఆ కాలపు నమ్మదగిన సాక్ష్యం ప్రకారం" అనే. దహనం చేసే రాజవంశాలకు ఈ పరీక్ష దారే లేదు కాబట్టి శాసనమే చివరి మాట.

వంశావళి పై భాగం గురించి కూడా ఒక మాట. చాలా ప్రశస్తులు మనువుతోనో సూర్యుడితోనో మొదలవుతాయి. కాకతీయ శాసనాల్లో కొన్ని సూర్యవంశం చెబుతాయి, చాలావాటిలో దుర్జయుడు మూలపురుషుడు. ఇవి ఆ వంశం తనను ఎలా చూపించుకోవాలనుకుందో తెలుసుకోవడానికి విలువైనవి. తల్లిదండ్రుల్ని తేల్చడానికి కావు. నేను శాసనం వేయించిన మనిషి నుంచి వెనక్కి మూడు తరాల వరకే గట్టిగా తీసుకుంటాను. దానిపైన ఉన్నవాటికి వేరే శాసనం తోడు ఉంటేనే చెట్టులో చోటు.

మీరు చెట్టు గీస్తుంటే ఒక్కో మనిషికి కన్న తండ్రి, కన్న తల్లి, దత్తత తీసుకున్నవారు, ముందు ఏలినవారు అని నాలుగు గడులు విడిగా పెట్టండి. ప్రతి గడిలో పేరు పక్కనే ఆధారం, దాని సంవత్సరం ఉండాలి. ప్రతాపరుద్రుడికైతే తండ్రి మహాదేవుడు, తల్లి ముమ్మడమ్మ, దత్తత రుద్రమదేవి, ముందు ఏలినవారు రుద్రమదేవి. ఇలా రాస్తే మీకు కనిపించిన "కొడుకు", "మనవడు" రెండూ ఎక్కడివో వెంటనే తెలిసిపోతుంది. కొడుకు అన్నది మూడో గడి నుంచి వచ్చింది, మనవడు అన్నది రెండో గడి నుంచి వచ్చింది. రుద్రమకు తండ్రి గణపతిదేవుడు, ఆధారం మల్కాపురం, 1261. ముందు ఏలినవారు కూడా ఆయనే. భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఆయన గద్దె ఎక్కలేదు కాబట్టి రాజుల వరుసలోకి తీసుకురావద్దు, భర్త గీత వరకే ఉంచండి. రుద్రమ తల్లి గడిలో ఏమీ రాయకండి. నారమాంబ, పేరమాంబ పేర్లను గణపతిదేవుడి పక్కన భార్యలుగా రాసి, చేబ్రోలు అని ఆధారం పెట్టి, అక్కడి నుంచి రుద్రమకు గీత గీయకుండా వదిలేయండి.